పిల్లల మందు మోతాదు ఎలా లెక్కకట్టాలి: బరువుతో ఒకసారి, శరీర ఉపరితలంతో ఒకసారి

ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు పక్కనున్న పర్లాకిమిడిలో మందుల కౌంటర్ వెనక నిలబడి పద్దెనిమిదేళ్లయింది. రోజూ ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఒకటే. "బాబూ, మా గుంటడికి మూడేళ్లు, ఎన్ని చెంచాలు పొయ్యమంటావు?" కొత్తగా చేరిన స్టాఫ్ నర్సులు, డి.ఫార్మసీ చదివే పిల్లలు అడిగేదీ ఇంచుమించు ఇదే. కాకపోతే వాళ్లు "పెద్దవాళ్ల మోతాదులో సగమా, పావా?" అంటారు. మోతాదు వయసులోంచి రాదు, సగంలోంచీ పావులోంచీ రాదు. ఈ రోజు ఆ బిడ్డ ఎంత బరువున్నాడో దాన్నించి వస్తుంది. కొన్ని మందులకైతే బరువు కూడా చాలదు, ఎత్తు కూడా కావాలి.

రెండు లెక్కలు చేసి చూపిస్తాను. మొదటిది జ్వరానికి పారాసిటమాల్. ఇది తల్లిదండ్రులకి కూడా పనికొస్తుంది. రెండోది నెఫ్రోటిక్ సిండ్రోమ్‌కి ప్రెడ్నిసొలోన్, అంటే మూత్రంలో ప్రొటీన్ పోయి పిల్లాడి ఒళ్లంతా ఉబ్బిపోయే జబ్బుకి ఇచ్చే స్టెరాయిడ్. ఇది డాక్టర్ రాస్తేనే మొదలుపెట్టేది, డాక్టర్ చెబితేనే ఆపేది. రాసిన మోతాదు సరిగ్గా ఉందో లేదో నర్సు, ఫార్మసిస్టు ఎలా సరిచూసుకోవాలో మాత్రమే ఇక్కడ చెబుతున్నాను.

ముందు కొంచెం కారణం

పుట్టిన కొద్ది రోజుల పిల్లలకి క్లోరాంఫెనికాల్ ఇస్తే అది ఒంట్లో పేరుకుపోయి, ఒళ్లు బూడిద రంగుకి తిరిగి, రక్తపోటు పడిపోయి చనిపోయారని 1959లో వైద్య పత్రికల్లో వచ్చింది. ఆ మందుని విరిచి బయటికి పంపే శక్తి పసిబిడ్డ కాలేయానికి ఇంకా రాలేదు, మూత్రపిండాలు కూడా మెల్లగా పనిచేస్తాయి. దీన్ని బట్టి చిన్నపిల్లలకి ఏ మందైనా తక్కువ ఇస్తే చాలనుకుంటాం. అదీ తప్పే. రెండు మూడేళ్ల పిల్లలు కార్బమాజెపిన్, థియోఫిలిన్ లాంటి మందుల్ని పెద్దవాళ్ల కన్నా వేగంగా వదిలించుకుంటారు. కిలోకి లెక్క చూస్తే వాళ్లకే ఎక్కువ కావాలి. అంటే పెద్దవాళ్ల మోతాదుని చిన్నది చేసి ఇస్తే నెలల బిడ్డకి ఎక్కువ కావచ్చు, మూడేళ్ల పిల్లకి తక్కువ కావచ్చు.

ఇంకొక్క విషయం. పుట్టిన బిడ్డ బరువు పెద్దమనిషి బరువులో ఇరవయ్యో వంతు ఉంటుంది. కానీ చర్మం మొత్తం పరిచి కొలిస్తే పెద్దమనిషి చర్మంలో ఎనిమిదో వంతు ఉంటుంది. మనిషి చిన్నవాడయ్యేకొద్దీ బరువుతో పోలిస్తే ఉపరితలం ఎక్కువ. గుండె పంపే రక్తం, మూత్రపిండాలు వడకట్టే పని, ఒంట్లో ఖర్చయ్యే శక్తి బరువు కన్నా ఉపరితలానికే దగ్గరగా నడుస్తాయి. అందుకే కొన్ని మందుల్ని చదరపు మీటర్ లెక్కన రాస్తారు. ఇంతకన్నా సిద్ధాంతం ఈ పనికి అక్కర్లేదు.

కావలసినవి

- కనీసం 100 గ్రాముల తేడా చూపించే తూకం. అంగన్‌వాడీలో వేలాడదీసే తూకమైనా, డిజిటల్ తూకమైనా సరే.
- ఎత్తు కొలిచే పట్టీ. రెండేళ్ల లోపు పిల్లల్ని పడుకోబెట్టే కొలవాలి.
- 1, 2, 5, 10 మి.లీ. సిరంజిలు, సూదులు లేకుండా.
- వర్గమూలం తీసే కాలిక్యులేటర్. ఫోన్‌లోది చాలు.
- మందు సీసా లేదా స్ట్రిప్. పేరు విని గుర్తు తెచ్చుకోవడం కాదు, చేతిలో ఉండాలి.
- లెక్క రాయడానికి కాగితం. మనసులో లెక్క వద్దు.

మొదటి లెక్క: 9 కిలోల పాప, జ్వరం, పారాసిటమాల్

1. ఈ రోజు తూచండి. కార్డు మీద రెండు నెలల కిందటి బరువు ఉంటే దాన్ని వాడొద్దు. తూకం సున్నా దగ్గర ఉందో లేదో చూడండి. నిండా నీళ్లున్న లీటరు సీసా పెడితే కిలో కన్నా కొంచెం ఎక్కువ చూపించాలి. బట్టలు, చెప్పులు, చలికాలమైతే స్వెట్టర్ తీసేయండి. పిల్ల ఏడ్చి గింజుకుంటుంటే తల్లి ఎత్తుకుని తూకం ఎక్కాలి, తర్వాత ఒక్కతే ఎక్కాలి. 57.4లోంచి 48.4 తీసేస్తే 9.0 కిలోలు. ముల్లు తిరిగే బాత్రూం తూకంతో ఈ పని చేయకండి. అక్కడ ఒక కిలో తేడా మామూలే, 9 కిలోల పిల్లకి అది పదకొండు శాతం తప్పు.

   మా జిల్లాలో ఇంకొకటి చూసుకోవాలి. కార్డు మీద బరువు ఒడియా అంకెల్లో రాసి ఉండొచ్చు. ఒడియా నాలుగు తొందరలో చూస్తే మనం రాసే 8 లా కనిపిస్తుంది. 14 కిలోల పిల్లాడు 18 కిలోలైపోతాడు. అనుమానం వస్తే రాసినవాళ్లనే అడగండి, లేదా మళ్లీ తూచండి.

2. మి.గ్రా లో మోతాదు తేల్చండి. పారాసిటమాల్ ఒక్కసారికి కిలోకి 10 నుంచి 15 మి.గ్రా. 15 తీసుకుంటే 9 × 15 = 135 మి.గ్రా. సీసా ఇంకా చూడకండి. మొదట మి.గ్రా కాగితం మీద పడాలి.

   ఇక్కడ "ఒక్కసారికి", "రోజుకి" అన్న మాటలు తారుమారు కాకూడదు. పారాసిటమాల్ కిలోకి 15 అన్నది ఒక్కసారికి. యాంటీబయోటిక్ పుస్తకాల్లో మాత్రం ఎక్కువగా రోజు మొత్తానికి రాస్తారు. కిలోకి రోజుకి 40 మి.గ్రా అని రాసి ఉంటే 9 కిలోలకి రోజుకి 360, మూడుసార్లు అయితే ఒక్కసారికి 120. దాన్ని ఒక్కసారికి 360 అని చదివితే మూడింతలు వెళ్లిపోతుంది. కొత్త నర్సులకి నేను చెప్పేదొక్కటే: కాగితం మీద సంఖ్య పక్కన "ఒక్కసారికి" అనో "రోజుకి" అనో రాయకుండా తర్వాతి మెట్టుకి వెళ్లకండి.

3. సీసా మీద బలం చదవండి. దీన్ని ఒక మి.లీ. లో ఎంత ఉందో దానికి మార్చండి. ఒకే మందు మూడు రకాలుగా దొరుకుతుంది:
   - 5 మి.లీ. లో 125 మి.గ్రా ఉన్న సిరప్: ఒక మి.లీ. లో 25.
   - 5 మి.లీ. లో 250 మి.గ్రా ఉన్న సిరప్: ఒక మి.లీ. లో 50.
   - ఒక మి.లీ. లోనే 100 మి.గ్రా ఉన్న డ్రాప్స్.

   125 ఉండాల్సిన చోట 120 ఉన్న సిరప్‌లు కూడా ఉన్నాయి. లెక్కలో పెద్ద తేడా రాదు, కానీ చదివి తెలుసుకోవాలి.

4. మి.లీ. లోకి మార్చండి.

```
మి.లీ. = కావలసిన మి.గ్రా ÷ ఒక మి.లీ. లో ఉన్న మి.గ్రా
135 ÷ 25  = 5.4
135 ÷ 50  = 2.7
135 ÷ 100 = 1.35
```

   సిరంజి మీద 1.35 గీత దొరకదు. 1.3 తీసుకోండి, కిందికే దించండి. పిల్ల ఒకటే, మందు ఒకటే, అయినా మూడు సీసాలకి మూడు కొలతలు వచ్చాయి. అందుకే ఫోన్‌లో "ఎన్ని మి.లీ. పొయ్యాలి?" అని అడిగితే నేను జవాబు చెప్పను, సీసా మీదున్నది చదివించుకుంటాను.

5. వెనక్కి లెక్క కట్టండి. గీసిన మి.లీ. ని బలంతో గుణించి బరువుతో భాగించండి. 1.3 × 100 ÷ 9 = 14.4. ఇది 10కి 15కి మధ్య ఉంది, సరే. ఈ మెట్టు పావు నిమిషం పని. పిల్లల మోతాదు తప్పుల్లో సగానికి సగం ఇక్కడే దొరుకుతాయని నా అనుభవం.

6. ఎన్నిసార్లు ఇవ్వాలో రాసి ఇవ్వండి. రెండు మోతాదుల మధ్య కనీసం 4 గంటలు, మామూలుగా 6 గంటలు. ఇరవైనాలుగు గంటల్లో నాలుగుసార్లు దాటకూడదు. మూడు నెలల లోపు బిడ్డకి జ్వరమొస్తే మోతాదు లెక్క కాదు, వెంటనే ఆసుపత్రి. బాగా చిక్కిపోయిన పిల్లలకి, రోజుల తరబడి సరిగ్గా తినని పిల్లలకి 15 దాకా వెళ్లకుండా, డాక్టర్ చూడకుండా రెండో రోజుకి కొనసాగించకుండా ఉండాలి. పారాసిటమాల్ విషాన్ని విరిచే గ్లూటాథయోన్ వాళ్ల కాలేయంలో తక్కువగా ఉంటుంది.

ఇక తప్పులు. అన్నిటికన్నా ప్రమాదమైనది డ్రాప్స్‌ని సిరప్ అనుకోవడం. 125 సిరప్‌కి 5.4 మి.లీ. అని చెప్పిన మాట గుర్తుపెట్టుకుని, ఇంట్లో ఉన్న డ్రాప్స్ 5.4 మి.లీ. పోస్తే 540 మి.గ్రా వెళ్లిపోతుంది. అంటే కిలోకి 60, రోజంతా ఇవ్వాల్సింది ఒక్కసారే. రోజుకి నాలుగుసార్లు అలాగే పోస్తే కాలేయం దెబ్బతినే స్థాయికి చేరుతుంది.

రెండోది మన ఊరి తప్పు. ఒక సీసా ఇక్కడ కొంటారు, అయిపోతే పాతపట్నం వెళ్లినప్పుడు ఇంకోటి కొంటారు. ఇక్కడిది 125, అక్కడిది 250 అయితే, చెంచా మాత్రం అదే. మందు రెండింతలైనట్టు ఎవరికీ తెలియదు. కొత్త సీసా వచ్చిందంటే మూడో మెట్టు నుంచి మళ్లీ చేయాల్సిందే.

మూడోది చెంచా. మా కౌంటర్ మీద రెండు ఇంటి చెంచాల్ని సిరంజితో నీళ్లు పోసి కొలిచాను. ఒకదాంట్లో 3 మి.లీ. పట్టింది, ఇంకోదాంట్లో 7. అప్పటినుంచి సిరంజి లేకుండా సీసా ఇవ్వడం మానేశాను. ఇంటికెళ్లాక ఆ సిరంజి పోతే సీసాతో వచ్చే గీతల మూత వాడమంటాను.

నాలుగోది జలుబు సిరప్. వాటిలో చాలావాటిలో పారాసిటమాల్ కలిసే ఉంటుంది, విడిగా జ్వరం మందు కూడా పోస్తే రెండు మోతాదులు. పైగా క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన సిరప్‌లు నాలుగేళ్ల లోపు పిల్లలకి వాడొద్దని సీసా మీద ముద్రించాలని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023లో ఆదేశించింది. ఆ మాట చదివి అమ్మకి చెప్పాల్సింది మనమే.

రెండో లెక్క: ఉబ్బిన అయిదేళ్ల బాబు, ప్రెడ్నిసొలోన్

పొద్దున్న లేచేసరికి కళ్ల కింద ఉబ్బు, సాయంత్రానికి కాళ్లు, పొట్ట. మూత్రంలో నురుగు. బరంపురం మెడికల్ కాలేజీకో శ్రీకాకుళానికో తీసుకెళ్తారు, నెఫ్రోటిక్ సిండ్రోమ్ అని తేలుతుంది, చీటీతో ఇంటికొస్తారు. మొదటిసారి వచ్చిన జబ్బుకి మన దేశంలో పిల్లల మూత్రపిండాల వైద్యులు పాటించే పద్ధతి ఇది: రోజుకి చదరపు మీటర్‌కి 60 మి.గ్రా, లేదా కిలోకి 2 మి.గ్రా, ఎలా చూసినా రోజుకి 60 మి.గ్రా దాటకుండా ఆరు వారాలు. తర్వాత రోజు విడిచి రోజు చదరపు మీటర్‌కి 40 మి.గ్రా, లేదా కిలోకి 1.5 మి.గ్రా, గరిష్ఠంగా 40, ఇంకో ఆరు వారాలు.

"లేదా" అని ఉంది కాబట్టి రెండూ ఒకటే అనుకుంటారు. ఈ బాబుకి కట్టి చూద్దాం. ఎత్తు 104 సెం.మీ. ఉబ్బు లేనప్పటి బరువు 16 కిలోలు. ఈ రోజు తూకం 19 కిలోలు.

7. ఏ బరువు వాడాలో తేల్చుకోండి. ఈ 19లో 3 కిలోలు నీళ్లు. ఆ నీళ్లకి మందు అక్కర్లేదు. జబ్బు రాకముందు అంగన్‌వాడీలోనో బడిలోనో రాసిన బరువు అడగండి. కార్డు లేకపోతే ఈ ఎత్తున్న పిల్లాడికి ఎదుగుదల పట్టీలో ఉన్న సగటు బరువు తీసుకోమంటారు డాక్టర్లు. మొదటి లెక్కలో పాత బరువు వాడొద్దన్నాను, ఇక్కడ పాతదే అడుగుతున్నాను. ఉబ్బున్న బిడ్డ విషయంలో మాత్రమే ఇలా.

8. ఉపరితలం కట్టండి. మోస్టెల్లర్ 1987లో ఇచ్చిన సూత్రం అన్నిటికన్నా సులువు.

```
ఉపరితలం (చ.మీ.) = √( ఎత్తు సెం.మీ. × బరువు కిలో ÷ 3600 )
104 × 16 = 1664
1664 ÷ 3600 = 0.462
√0.462 = 0.68
```

   ఎత్తు సెంటీమీటర్లలోనే ఉండాలి. అడుగులు, అంగుళాలు పెడితే లెక్క చెడిపోతుంది.

9. ఉపరితలం నమ్మదగ్గదేనా చూడండి. పుట్టిన బిడ్డకి సుమారు 0.2, పది కిలోల పిల్లకి దాదాపు 0.5, ముప్ఫై కిలోల పిల్లాడికి 1కి కొంచెం పైన, పెద్దవాళ్లకి 1.7 చుట్టూ ఉంటుంది. 16 కిలోలకి 0.68 ఈ వరుసలో ఇముడుతుంది. ఇంకో దారి కూడా ఉంది, ఎత్తు తెలియకపోయినా పనికొస్తుంది:

```
(4 × బరువు + 7) ÷ (బరువు + 90)
(64 + 7) ÷ (16 + 90) = 71 ÷ 106 = 0.67
```

   0.68, 0.67. రెండూ కలిశాయి కాబట్టి ముందుకెళ్లొచ్చు. పదో వంతు కన్నా ఎక్కువ తేడా వస్తే ఎత్తో బరువో తప్పు రాశామని అర్థం.

10. రెండు పద్ధతుల్లోనూ మోతాదు కట్టి పక్కపక్కన రాయండి.

```
ఉపరితలంతో: 60 × 0.68 = 40.8 మి.గ్రా, రోజుకి
బరువుతో:   2 × 16   = 32 మి.గ్రా, రోజుకి
```

   బరువుతో కడితే అయిదో వంతు పైగా తగ్గింది. ముప్ఫై కిలోల లోపు పిల్లలందరికీ ఇలాగే జరుగుతుంది, చిన్నవాళ్లయ్యేకొద్దీ తేడా పెరుగుతుంది. ముప్ఫై కిలోల దగ్గర రెండు లెక్కలూ దగ్గరకొస్తాయి, 60 అన్న గరిష్ఠం కూడా అక్కడే తగులుతుంది. తక్కువ మోతాదు వల్ల జబ్బు తొందరగా తిరగబెడుతుందా అన్న దానిమీద పరిశోధనలు ఒక్క మాట మీద లేవు. కొన్ని అవునంటే కొన్ని తేడా లేదన్నాయి. కాబట్టి చీటీ మీద 30 ఉంటే డాక్టర్ పొరబడ్డారని అనుకోకండి, ఆయన బరువు పద్ధతి వాడి ఉండొచ్చు. 40 ఉంటే మీరు 32కి తగ్గించకండి. ఈ రెండిటికీ దగ్గరగా లేని సంఖ్య, 15 అనో 60 అనో ఉంటే మాత్రం ఫోన్ చేసి అడగాలి.

   ఇదే పిల్లాడికి వయసు లెక్క వాడితే ఏమవుతుందో చూడండి. పాత పుస్తకాల్లోని యంగ్ సూత్రం ప్రకారం వయసుని వయసు కూడిక 12తో భాగించాలి: 5 ÷ 17. పెద్దవాళ్ల 60 మి.గ్రా మీద కడితే 17.6 వస్తుంది. ఉపరితలంతో వచ్చినదాంట్లో సగం కూడా లేదు. ఆ మోతాదుతో ఉబ్బు తగ్గకపోతే స్టెరాయిడ్‌కి లొంగని జబ్బు అని ముద్ర పడి, పిల్లాడు అక్కర్లేని బయాప్సీ దాకా వెళ్లొచ్చు.

11. మాత్రల్లోకి మార్చండి. ప్రెడ్నిసొలోన్ 5, 10, 20, 40 మి.గ్రా మాత్రల్లో దొరుకుతుంది. 40.8ని 40 చేయండి. 20 మాత్రలు రెండు, లేదా 10 మాత్రలు నాలుగు, పొద్దున్న ఏదైనా తిన్నాక. ఒక కోర్సు మొత్తానికి ఒకే బలం మాత్రలు ఇవ్వడం మంచిది. "రోజుకి నాలుగు" అని అలవాటైన అమ్మకి మధ్యలో 20 మాత్రల స్ట్రిప్ ఇస్తే 80 మింగించేస్తుంది, అది ఆమె తప్పు కాదు. ఆరు వారాల తర్వాత రోజు విడిచి రోజుకి 40 × 0.68 = 27.2. ఇది 25 గానో 27.5 గానో దిగుతుంది, ఎటు దించాలో డాక్టర్ చెబుతారు. ఆ మారే రోజున ఎత్తు, బరువు మళ్లీ కొలిచి లెక్క కొత్తగా కట్టండి.

ఉబ్బు బరువుతో కట్టేస్తే ఎంత తేడా వచ్చేది? బరువు పద్ధతిలో 19 × 2 = 38, అంటే 32 కన్నా 19 శాతం ఎక్కువ. ఉపరితలంతో √(104 × 19 ÷ 3600) = 0.74, మోతాదు 44.5, అంటే 9 శాతమే ఎక్కువ. వర్గమూలం బరువులోని తప్పుని సగానికి తగ్గిస్తుంది. తూకం మీద నమ్మకం లేని చోట ఉపరితలం పద్ధతికి ఉన్న లాభం ఇది. అదే వర్గమూలం ఇంకో ప్రమాదం కూడా తెస్తుంది.

నేను కొత్తలో చేసిన తప్పు చెబుతాను. 0.462 దగ్గర ఆగిపోయి, వర్గమూలం బటన్ నొక్కడం మర్చిపోయి, ఉపరితలం 0.46 అని రాసేశాను. అది పది కిలోల పిల్లకి సరిపోయే సంఖ్యే కాబట్టి కంటికి తప్పనిపించలేదు. మోతాదు 28 వచ్చింది. నాతో పనిచేసే సీనియర్ సిస్టర్ కాగితం చూసి "పదహారు కిలోల వాడికి సగం కన్నా తక్కువ చదరపు మీటరేమిటి బాబూ?" అంది. అప్పుడు తెలిసింది. ఒకటి కన్నా తక్కువ ఉన్న సంఖ్యకి వర్గమూలం తీస్తే జవాబు ఆ సంఖ్య కన్నా పెద్దది రావాలి. 0.46 నుంచి 0.68కి పెరగాలి. పెరగకపోతే బటన్ నొక్కలేదని అర్థం. పాతిక కిలోల లోపు పిల్లల లెక్కల్లో ఆ భాగహారం ఒకటి లోపే ఉంటుంది కాబట్టి వాళ్ల విషయంలో ఈ పరీక్ష పనిచేస్తుంది.

ఉపరితలం వాడకూడని చోటు

పది కిలోల లోపు పిల్లలకి ఈ పద్ధతి తిరగబడుతుంది. వాళ్లకి బరువుతో పోలిస్తే ఉపరితలం చాలా ఎక్కువ, కాలేయం మూత్రపిండాలు మాత్రం ఇంకా ఎదగలేదు. ఉపరితలంతో కడితే మోతాదు మోయలేనంత వస్తుంది. బ్లడ్ క్యాన్సర్‌కి ఇచ్చే విన్‌క్రిస్టిన్‌నే చూడండి. పెద్ద పిల్లలకి చదరపు మీటర్‌కి 1.5 మి.గ్రా, కానీ పది కిలోలు, అంతకన్నా తక్కువ ఉంటే కిలోకి 0.05 మి.గ్రా. ఉపరితలం మోతాదుని 30తో భాగిస్తే కిలో మోతాదు వస్తుందన్న పాత లెక్క ఇదే: 1.5 ÷ 30 = 0.05. ఎనిమిది కిలోల పాపకి ఉపరితలం సుమారు 0.4, దాంతో 0.6 మి.గ్రా వస్తుంది. బరువుతో 0.4 మాత్రమే. నరాల్ని దెబ్బతీసే మందు విషయంలో ఆ 0.2 చిన్నదేం కాదు. ఇలాంటి మందులు పెద్ద ఆసుపత్రుల్లోనే ఇస్తారు, కానీ చీటీ చూసే అవకాశం వస్తే బరువు పది కిలోలకి ఎటువైపు ఉందో ముందు చూడండి.

సరిగ్గా వెళ్తోందని ఎలా తెలుస్తుంది

పారాసిటమాల్ పనిచేసిందంటే గంట, గంటన్నరలో జ్వరం ఒకటి రెండు డిగ్రీలు దిగి, పిల్ల నీళ్లు తాగుతుంది. జ్వరం పూర్తిగా పోలేదని మళ్లీ పొయ్యకండి. పైగా మా వైపు కొండ ఊళ్లలో మలేరియా ఉంది కాబట్టి ఒక్క రోజు జ్వరమైనా రక్తపరీక్ష చేయించండి. మోతాదు ఎంత సరిగ్గా ఉన్నా పారాసిటమాల్ మలేరియాని తగ్గించదు.

ప్రెడ్నిసొలోన్ విషయంలో ఉబ్బుని నమ్ముకోవద్దు, మూత్రాన్ని నమ్మండి. రోజూ పొద్దున్న మొదటి మూత్రాన్ని పట్టీతో పరీక్షించి నోటు పుస్తకంలో తేదీ వేసి రాయమనండి. ప్రొటీన్ లేదు, లేదా లేశమాత్రం అని వరసగా మూడు రోజులు వస్తే మందుకి జబ్బు లొంగినట్టు. లొంగే పిల్లల్లో ఎక్కువమంది నాలుగు వారాల్లోపే ఇక్కడికి చేరతారు. చేరారని మాత్రలు ఆపకూడదు, కోర్సు పూర్తి కావాలి. ఆరు వారాలైనా ప్రొటీన్ పోకపోతే కొత్త మందు గురించి ఆలోచించే ముందు నాలుగు సంగతులు తిరిగి చూడండి: ఎత్తు సెంటీమీటర్లలోనే రాశామా, వర్గమూలం తీశామా, మాత్ర బలం మారిందా, పిల్లాడు వాంతి చేసుకున్న రోజులు ఎన్ని.

చివరగా ఇంటికి పంపే ముందు చేసే పని. సిరంజి మీద కావలసిన గీత దగ్గర రంగు టేపు చుట్టండి. చీటీ వెనక మందు పేరు, బలం, ఒక్కసారికి ఎంత, ఎన్ని గంటలకి, ఏ బరువు మీద కట్టామో రాయండి. అమ్మ ఏ భాష చదివితే ఆ భాషలో, తెలుగులోనో ఒడియాలోనో రాయాలి. అంకెలు మాత్రం 1, 2, 3 లే వాడండి. సవర అమ్మ చదవలేకపోతే నీళ్లతో మీ ముందే ఒకసారి గీత దాకా తీయించండి. ఆమె చేత్తో తీసిన కొలత టేపు దగ్గర ఆగాకే సీసా చేతికివ్వండి.